ఆర్‌ఎస్‌ఏ గూఢలిపి, షోర్ పద్ధతి, జాలక గణితం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

1977 ఆగస్టు నెల ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ నిర్వహించే గణిత వినోదాల శీర్షిక పాఠకుల ముందు ఒక సవాలు ఉంచింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రొనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఆడిల్‌మన్ అనే ముగ్గురు రూపొందించిన కొత్త గూఢలిపి పద్ధతిలో ఒక చిన్న సందేశాన్ని దాచి, దానిని విప్పినవారికి వంద డాలర్ల బహుమానం ఇస్తామని ప్రకటించారు. ఆ ముగ్గురి ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలే ఆ పద్ధతికి ఆర్‌ఎస్‌ఏ అనే పేరుగా స్థిరపడ్డాయి. సందేశం విప్పాలంటే 129 అంకెలున్న ఒక సంఖ్యను, ఏ రెండు ప్రధాన సంఖ్యల గుణకారం వల్ల అది ఏర్పడిందో ఆ రెండుగా విడగొట్టాలి. ఆనాటి పద్ధతులతో అంతటి సంఖ్యను విడగొట్టడానికి నాలుగు వందల కోట్ల కోట్ల సంవత్సరాలు పట్టవచ్చునని రివెస్ట్ అంచనాగా ఆ శీర్షికలో అచ్చయింది.

ఆ అంచనా పదిహేడేళ్లు కూడా నిలవలేదు. 1994 ఏప్రిల్‌లో డెరెక్ ఆట్కిన్స్, మైకేల్ గ్రాఫ్, ఆర్యన్ లెన్‌స్ట్రా, పాల్ లేలండ్ నాయకత్వంలో సుమారు ఆరు వందలమంది స్వచ్ఛంద కార్యకర్తలు, ఇంటర్నెట్ ద్వారా కలుపుకొన్న పదహారు వందల యంత్రాలతో దాదాపు ఎనిమిది నెలలు శ్రమించి ఆ సంఖ్యను విడగొట్టారు. దాగిన సందేశం ఒక పిల్లిబిత్తరి వాక్యం. ఒక రాబందు జాతి పక్షి పేరు తప్ప అందులో రహస్యమేమీ లేదు.

ఆర్‌ఎస్‌ఏ చరిత్ర రాసేవారు ఈ ఘట్టాన్ని విస్తారంగా చెబుతారు. కాని అదే 1994లో జరిగిన మరొక సంగతి దీనికన్నా లోతైనది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న గణితవేత్త పీటర్ షోర్, క్వాంటమ్ కంప్యూటర్ అనే యంత్రమొకటి ఉంటే అది పెద్ద సంఖ్యలను సులభంగా విడగొట్టగలదని ఆ ఏడాది నిరూపించాడు. ఈ రెండు సంఘటనల మధ్య భేదాన్ని గుర్తించకపోతే నేటి ‘క్వాంటమ్ అనంతర’ గూఢలిపి ఎందుకు పుట్టిందో బోధపడదు. మొదటి సంఘటన చెప్పింది ఒక్కటే: తాళం చిన్నది, పెద్దది చేసుకోండి. ఆ సలహాను లోకం పాటించింది. నేడు వాడుకలో ఉన్న ఆర్‌ఎస్‌ఏ సంఖ్యల పొడవు సాధారణంగా 2048 బిట్లు, అంటే 617 దశాంశ అంకెలు. రెండవ సంఘటన చెప్పింది వేరు: తాళాన్ని ఎంత పెద్దది చేసినా ఆ తాళం నిర్మాణంలోనే బయటికి కనిపించే ఒక లయ ఉన్నది. ఆ లయ ఏమిటో, దాని నుండి తప్పించుకోవడానికి జాలక పద్ధతులు ఏ మార్గం తొక్కాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆర్‌ఎస్‌ఏ తాళం: ఒక చిన్న ఉదాహరణ

ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని పెద్ద సంఖ్యలతో కాక 33 అనే చిన్న సంఖ్యతో చూడవచ్చు. 33 అంటే 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. తాళం యజమాని 33నూ, 3 అనే ఒక ఘాతాంకాన్నీ అందరికీ ప్రకటిస్తాడు. ఇవి బహిరంగ తాళంచెవి. ఎవరైనా అతనికి 4 అనే సంఖ్యను రహస్యంగా పంపదలిస్తే 4ను ఘనం చేస్తారు, 64 వస్తుంది. దానిని 33తో భాగిస్తే శేషం 31. ఆ 31నే పంపుతారు. యజమాని దగ్గర 7 అనే మరొక ఘాతాంకం రహస్యంగా ఉంటుంది. 31ని ఏడవ ఘాతానికి హెచ్చించి 33తో భాగించి చూస్తే శేషంగా మళ్లీ 4 వస్తుంది.

ఈ 7 ఎక్కడిది? ప్రధాన కారణాంకాలైన 3, 11 లలో ఒక్కొక్కదాని నుండి ఒకటి తగ్గించి గుణిస్తే 2 × 10 = 20. ప్రకటిత ఘాతాంకమైన 3ను 7తో గుణిస్తే 21. అది 20 కన్నా ఒకటి ఎక్కువ. ఆ ఒక్క సంబంధం చాలు. కాబట్టి 33ను 3, 11గా విడగొట్టగలిగినవాడు 20ను కనుక్కుంటాడు, 20 తెలిసినవాడు 7ను కనుక్కుంటాడు. విడగొట్టలేనివాడు బయటే ఉండిపోతాడు. 33ను విడగొట్టడం బడిపిల్లల పని; 617 అంకెల సంఖ్యను విడగొట్టడం ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు. బహిరంగంగా లెక్క ప్రకటించి పందెం వేసిన ఆర్‌ఎస్‌ఏ సంఖ్యలలో ఇంతవరకు విడిపోయిన అతి పెద్దది 250 అంకెలది. 2020లో దానిని విడగొట్టడానికి, ఒకే ఒక ప్రాసెసర్ కోర్ చేయవలసి వస్తే 2,700 సంవత్సరాలు పట్టేంత గణన అవసరమైంది.

ఇక్కడ ఒక విషయం తేటపరచాలి. సంఖ్యలను విడగొట్టడం కష్టమని ఎవరూ నిరూపించలేదు. శతాబ్దాలుగా ప్రయత్నించినా సులభ మార్గం కనబడలేదన్నదే ఆధారం. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం కూడా చాలాకాలం అలాంటి అనిశ్చిత స్థితిలోనే ఉండేది. 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా దానికి ఎల్లవేళలా త్వరగా ముగిసే నిశ్చిత పద్ధతి ఉన్నదని నిరూపించారు. విడగొట్టడం విషయంలో అటువంటి పద్ధతి సాధారణ కంప్యూటర్లకు ఇప్పటికీ లేదు. అది లేకపోవడమే ఆర్‌ఎస్‌ఏకు పెట్టని కోట.

ఆవర్తనం

సంగీతం తెలిసినవారికి ఆవర్తనం అనే మాట పరిచితం. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలకొకసారి సమం తిరిగి వస్తుంది. శేషగణితంలోనూ సరిగ్గా ఇటువంటి ఆవర్తనమే ఉన్నది. 5ను ఘాతాలకు హెచ్చిస్తూ ప్రతిసారి 33తో భాగించిన శేషాన్ని రాసుకుంటే వరుసగా 5, 25, 26, 31, 23, 16, 14, 4, 20, 1 వస్తాయి. పదవ మెట్టు మీద 1 వచ్చింది కాబట్టి పదకొండవ మెట్టున మళ్లీ 5, ఆ తరువాత మళ్లీ 25. ఈ వరుస ఎంత దూరం పోయినా పదేసి మెట్లకొకసారి అదే పాట పాడుతుంది. దీని ఆవర్తనం 10.

ఈ పదిని తెలుసుకున్నవాడికి 33 రహస్యం తెలిసిపోతుంది. 5 యొక్క పదవ ఘాతం నుండి ఒకటి తీసివేస్తే 33తో నిశ్శేషంగా భాగింపబడుతుందని పై వరుస చెబుతున్నది. పది సరిసంఖ్య కనుక ఆ రాశిని రెండు భాగాల లబ్ధంగా రాయవచ్చు: 5 యొక్క అయిదవ ఘాతం నుండి ఒకటి తీసివేసినది ఒకటి, దానికే ఒకటి కలిపినది మరొకటి. అయిదవ మెట్టు మీద శేషం 23. కాబట్టి ఆ రెండు భాగాల శేషాలు 22, 24. ఇక 22కూ 33కూ గరిష్ఠ సామాన్య భాజకం 11. 24కూ 33కూ 3. తాళం తెరుచుకున్నది. గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడం యూక్లిడ్ నాటి నుండి తెలిసిన పని. ఎంత పెద్ద సంఖ్యలకైనా అది క్షణంలో తేలిపోతుంది.

ప్రతి సంఖ్యతోనూ ఈ ఉపాయం ఫలించదు. 5కు బదులు 2తో మొదలుపెడితే శేషాలు 2, 4, 8, 16, 32, 31, 29, 25, 17, 1గా వస్తాయి. ఆవర్తనం ఇక్కడా పదే. కాని అయిదవ మెట్టు మీద 32 ఉన్నది; దానికి ఒకటి కలిపితే 33, ఒకటి తీసివేస్తే 31. మొదటిది మొత్తం సంఖ్యనే తిరిగి ఇస్తుంది, రెండవది ఏమీ ఇవ్వదు. అప్పుడు మరొక సంఖ్యను ఎంచుకొని మళ్లీ మొదలుపెట్టాలి. రెండు భిన్న ప్రధాన సంఖ్యల లబ్ధాలకు యాదృచ్ఛికంగా ఎంచుకున్న సంఖ్య ఫలించే అవకాశం కనీసం సగం ఉంటుంది గనుక ఇది పెద్ద అడ్డంకి కాదు.

అడ్డంకి వేరే చోట ఉన్నది. 33 విషయంలో పది మెట్లు నడిచి ఆవర్తనం చూశాం. 617 అంకెల సంఖ్యకు ఆవర్తనం కూడా వందల అంకెల పొడవు ఉంటుంది. మెట్టు మెట్టూ నడవడం విడగొట్టడంకన్నా తేలిక కాదు. ఆవర్తనం తెలిస్తే కారణాంకాలు తెలుస్తాయన్న సంగతి షోర్‌కు ముందే గణితవేత్తలకు తెలుసు. దానిని ఎవరూ ఆయుధంగా భావించకపోవడానికి కారణం ఇదే.

షోర్ చేసిన పని

క్వాంటమ్ కంప్యూటర్ ‘అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది’ అని పత్రికలలో తరచూ కనబడే వాక్యం సగం నిజం, కనుకనే ఎక్కువ ప్రమాదకరం. క్యూబిట్ల వరుసను, సున్నా నుండి మొదలయ్యే ఘాతాంకాలన్నీ కలగలిసిన ఒకే అధ్యారోపిత స్థితిలో ఉంచవచ్చు. ఆ స్థితి మీద ఒక్కసారి శేషాల లెక్క చేయవచ్చు. అంతవరకు నిజమే. కాని ఆ స్థితిని కొలిచిన మరుక్షణం అందులోని ఒకే ఒక ఘాతాంకం యాదృచ్ఛికంగా చేతికి వస్తుంది, తక్కినవన్నీ మాయమవుతాయి. అంతమాత్రానికి ఆ యంత్రమెందుకు, పాచికలు వేసుకోవచ్చు.

షోర్ చేసిన పని ఈ రెండు దశల మధ్యలో ఉన్నది. మన ఉదాహరణలో ఘాతాంకాలను 0 నుండి 2047 వరకు తీసుకున్నామనుకుందాం. శేషాన్ని మాత్రం కొలిచి చూస్తే 23 వచ్చిందనుకుందాం. అప్పుడు మిగిలిన స్థితిలో 5, 15, 25, 35 ఇలా పదేసి ఎడంతో ఉన్న ఘాతాంకాలు మాత్రమే నిలుస్తాయి. ఆ ఎడమే మనకు కావలసినది. కాని వరుస ఎక్కడ మొదలవుతుందన్నది ప్రతిసారీ మారుతుంది. ఒకసారి 5 నుండి, మరొకసారి 8 నుండి. నేరుగా కొలిస్తే ఆ మొదలు, ఎడం కలగలిసిన ఒక నిరుపయోగమైన సంఖ్య వస్తుంది. అందుచేత కొలిచే ముందు షోర్ ఆ స్థితిని ఫోరియర్ పరివర్తనం గుండా పంపాడు. నీటి మీద అలలు ఒకచోట కలిసి లేచి, మరొకచోట ఒకదానినొకటి చెరిపివేసుకున్నట్లు, ఈ పరివర్తనంలో మొదలుకు సంబంధించిన సమాచారం కొలతలో కనబడకుండా పోయి, ఎడానికి సంబంధించినది బలపడుతుంది. ఇప్పుడు కొలిస్తే 2048లో పదవ వంతుకు గుణిజాలుగా ఉండే సంఖ్యల దగ్గరివే అధికంగా వస్తాయి.

ఉదాహరణకు 614 వచ్చిందనుకుందాం. 614ను 2048తో భాగిస్తే 0.2998. హారం 33 కన్నా తక్కువ ఉన్న భిన్నాలలో దీనికి అతి చేరువది 3/10. హారం 10; అదే ఆవర్తనం. ఒక్కొక్కసారి 2/10 దగ్గరి సంఖ్య వచ్చి అది 1/5గా కుదించుకుపోయి తప్పు జవాబు ఇస్తుంది. అయిదవ మెట్టున శేషం 1 కాదు గనుక ఆ తప్పును వెంటనే పట్టుకోవచ్చు. మళ్లీ నడిపితే సరిపోతుంది.

తాళం పొడవు పెంచడం ఇక్కడ ఎందుకు రక్షణ కాదో ఇప్పుడు స్పష్టమవుతుంది. సంఖ్య పొడవును రెట్టింపు చేస్తే, సాధారణ గుణకార పద్ధతితో నడిచే షోర్ లెక్కకు పని సుమారు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. తాళం వేసేవాడికీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. దొంగకూ యజమానికీ శ్రమ ఒకే తీరున పెరిగే తాళం తాళం కాదు. ఆర్‌ఎస్‌ఏతో పాటు వాడుకలో ఉన్న డిఫీ–హెల్‌మన్, దీర్ఘవృత్త వక్ర పద్ధతులు కూడా ఇటువంటి ఆవర్తనం మీదనే నిలిచి ఉన్నందున వాటికీ ఇదే గతి. దీనికి భిన్నంగా, పంపేవారికీ అందుకొనేవారికీ ఒకే తాళంచెవి ఉండే ఏఈఎస్ వంటి గూఢలిపులలో అట్టి లయ లేదు. వాటి మీద తెలిసిన క్వాంటమ్ దాడి వెతుకులాటను కొంత త్వరితం చేస్తుందే తప్ప కోటను కూల్చదు. 256 బిట్ల తాళంచెవి దానికి తట్టుకుంటుంది.

యంత్రం ఎంత దూరంలో ఉన్నది

2001లో ఐబీఎం వారి ఆల్మడెన్ పరిశోధనాలయంలో ఏడు క్యూబిట్ల యంత్రంతో షోర్ పద్ధతిని మొదటిసారి నడిపి 15ను 3, 5గా విడగొట్టారు. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో విడగొట్టిన సంఖ్యల పరిమాణం అంతగా పెరగలేదు. కారణం సిద్ధాంతంలో లేదు, క్యూబిట్ల స్వభావంలో ఉన్నది. క్యూబిట్ పరిసరాల స్పర్శతోనే చెడిపోతుంది. వేల కోట్ల మెట్ల లెక్క నడవాలంటే అనేక భౌతిక క్యూబిట్లను కలిపి, వాటి తప్పులను ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ, ఒకే నమ్మకమైన క్యూబిట్‌గా వాడుకోవాలి.

అందుచేత ముప్పును కొలిచే సరైన సంఖ్య, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏకు ఎన్ని భౌతిక క్యూబిట్లు కావాలన్నది. 2019లో క్రెగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో వేసిన లెక్క ప్రకారం రెండు కోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు. 2025 మే నెలలో గిడ్నీయే ప్రకటించిన కొత్త లెక్కలో అది పది లక్షలకు లోపు క్యూబిట్లకు, వారంలోపు కాలానికి దిగింది. ఆరేళ్లలో అవసరమైన యంత్రం ఇరవయ్యో వంతుకు తగ్గింది. ఇందులో యంత్రాల పురోగతి ఏమీ కలవలేదు. కేవలం గణిత నైపుణ్యం వల్ల వచ్చిన తగ్గుదల ఇది. రివెస్ట్ 1977 నాటి అంచనాను కూలదోసినదీ ప్రధానంగా ఇటువంటి నైపుణ్యమే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో నెలకొల్పదలచిన క్వాంటమ్ కేంద్రానికి ఐబీఎం, టీసీఎస్ సంస్థలు 2025లో ప్రకటించిన యంత్రంలోని హెరాన్ ప్రాసెసర్‌కు 156 క్యూబిట్లు. పది లక్షలెక్కడ, 156 ఎక్కడ! అటువంటి యంత్రం బ్యాంకుల తాళాలు తెరుస్తుందని భయపడనక్కరలేదు. అయితే ఈ దూరాన్ని చూసి నిశ్చింతగా ఉండడమూ తగదు. నేడు తీగల మీద ప్రవహించే గూఢసందేశాలను ఎవరైనా నకలు తీసి భద్రపరచుకోవచ్చు. పదిహేనేళ్ల తరువాత యంత్రం సిద్ధమైతే అప్పుడు విప్పుకోవచ్చు. వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మికేలే మోస్కా దీనిని సులువైన కూడికగా చెప్పాడు: ఒక రహస్యం ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలో, కొత్త పద్ధతికి మారడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఆ రెంటినీ కూడగా వచ్చిన మొత్తం యంత్రం రావడానికి పట్టే కాలంకన్నా ఎక్కువైతే ఆ రహస్యం ఇప్పటికే పోయినట్లు లెక్క. ఇరవై ఏళ్లు దాచవలసిన వైద్య సమాచారం, పదేళ్లు పట్టే మార్పు, కలిపితే ముప్పై. ముప్పై ఏళ్లలో ఆ యంత్రం రాదని ఎవరు పూచీపడగలరు? డిజిటల్ సంతకాల విషయంలో మాత్రం ఈ ఆతురత తక్కువ. యంత్రం పుట్టక ముందే సంతకాన్ని ఫోర్జరీ చేయడం కుదరదు.

జాలకం: చుక్కలు, స్వల్పదోషాలు

వాకిట్లో పరిచిన ముగ్గు చుక్కల వంటిది జాలకం. చుక్కల వరుసలు నాలుగు దిశలా అంతులేకుండా సాగుతాయనుకుంటే అది రెండు పరిమాణాల జాలకం. చుక్కల మధ్య ఎక్కడో వేలు పెట్టి, దానికి అతి చేరువలోని చుక్క ఏదని అడిగితే కంటితో చూసి చెప్పవచ్చు. కాని చుక్కలు రెండు దిశలలో కాక కొన్ని వందల దిశలలో విస్తరించినప్పుడు, పైగా ఆ జాలకాన్ని వంకరటింకర గీతల ద్వారానే పరిచయం చేసినప్పుడు ఇదే ప్రశ్న దుస్సాధ్యమవుతుంది.

విచిత్రమేమంటే గూఢలిపి చరిత్రలో జాలకం మొదట ప్రవేశించింది తాళాలు పగలగొట్టే పనిముట్టుగా. 1982లో ఆర్యన్ లెన్‌స్ట్రా, హెండ్రిక్ లెన్‌స్ట్రా, లాస్లో లోవాస్ జాలకాలను సరళీకరించే పద్ధతిని ప్రచురించారు. ఆ కాలపు కొన్ని బహిరంగ తాళంచెవి పద్ధతులు దాని దెబ్బకు కూలిపోయాయి. 129 అంకెల సంఖ్యను విడగొట్టినవారిలోని లెన్‌స్ట్రా ఈ మొదటి లెన్‌స్ట్రాయే. ఆ పద్ధతి చిన్న జాలకాల మీద గెలిచి, పెద్ద జాలకాల మీద ఓడిపోయింది. ఆ ఓటమినే పునాదిగా చేసుకోవచ్చునని 1996లో మిక్లోష్ అయ్‌తాయ్ చూపాడు. 2005లో ఒడెడ్ రెగెవ్ ఆ ఆలోచనకు వాడుకకు తగిన రూపం ఇచ్చాడు.

రెగెవ్ సమస్యను కూడా చిన్న సంఖ్యలతోనే చూడవచ్చు. 17తో భాగించిన శేషాలతో పని చేద్దాం. రహస్యం రెండు సంఖ్యలు: x = 3, y = 5. లోకానికి ఈ మూడు సమీకరణాలను ప్రకటిస్తారు:

```
 2x + 7y ≈ 8
11x + 4y ≈ 1
 5x + 2y ≈ 8
```

అసలు విలువలు 7, 2, 8. మొదటిదానికి ఒకటి కలిపి, రెండవదాని నుండి ఒకటి తీసివేసి, మూడవదానిని ఉన్నట్లే ఉంచారు. ఎక్కడ ఏమి చేశారో బయటివారికి తెలియదు. ఆ స్వల్పదోషాలు లేకపోతే మొదటి రెండు సమీకరణాలను సాధించి ఏ విద్యార్థి అయినా రహస్యం చెప్పగలడు. దోషాలను పట్టించుకోకుండా సాధిస్తే మాత్రం x = 9, y = 1 వస్తుంది; అసలు రహస్యానికి దానితో పోలికే లేదు. మూడవ సమీకరణంలో పెట్టి చూస్తే 8కి బదులు 13 వస్తుంది. ఒకటి అటూ ఇటూ అయిన తేడా సాధనలో ఎంతగా పెరిగిపోయిందో గమనించాలి. రెండు అవ్యక్తాలున్నప్పుడు దోషాలను ఊహించి సరిచేసుకోవచ్చు. వందల అవ్యక్తాలున్నప్పుడు ఆ ఊహల సంఖ్య అపారమవుతుంది.

సందేశం పంపడం ఇలా: మొదటి, మూడవ సమీకరణాలను కూడితే 7x + 9y ≈ 16. పంపవలసిన బిట్ 1 అయితే కుడివైపు 17లో దాదాపు సగమైన 8ని కలపాలి. 24 నుండి 17 పోగా 7. కాబట్టి 7, 9, 7 అనే మూడు సంఖ్యలను పంపుతారు. రహస్యం తెలిసినవాడు 7 × 3 + 9 × 5 లెక్కించి శేషం 15 పొందుతాడు. 7 నుండి 15 తీసివేస్తే, 17 లెక్కన, 9 మిగులుతుంది. అది 8కి చేరువ కనుక బిట్ 1. బిట్ 0 అయివుంటే మిగిలేది 1. అది సున్నాకు చేరువ. స్వల్పదోషం అందుకొనేవాడి చేతిలో గుండ్రంగా సవరించుకుపోతుంది, దొంగ చేతిలో ముళ్లకంపగా మారుతుంది. పద్ధతి సారమంతా ఈ అసమానతలోనే ఉన్నది. దోషాలు మరీ పెద్దవైతే అందుకొనేవాడికీ సందేశం చెడిపోతుంది. మరీ చిన్నవైతే దొంగకు దారి దొరుకుతుంది. ప్రామాణికాలు రాసేవారి శ్రమలో అధికభాగం ఈ రెంటి మధ్య సన్నని చోటును నిర్ణయించడమే.

షోర్ పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయదు? దానికి కచ్చితంగా తిరిగివచ్చే ఆవర్తనం కావాలి. ఆర్‌ఎస్‌ఏలో ప్రతి పదవ మెట్టూ అణువంత తేడా లేకుండా మొదటి మెట్టుతో సరిపోయింది. ఇక్కడ ప్రతి సమీకరణంలోనూ తాళం తప్పిన అక్షరం ఒకటి చేర్చి పెట్టారు. సమం ఎక్కడ పడుతుందో పట్టుకోవడానికి ఆధారమైన నిక్కచ్చితనమే లేకుండా చేశారు.

అయ్‌తాయ్, రెగెవ్ ఇచ్చిన మరొక హామీ ఆర్‌ఎస్‌ఏకు లేనిది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఇటువంటి సమీకరణాలను సాధించగలిగినవాడు, ఒక తరగతి జాలక సమస్యలలో అత్యంత కఠినమైనదానిని కూడా సాధించగలడని వారు నిరూపించారు. దీని విలువను అధికంగా చెప్పడం కూడా సరికాదు. ఆ కఠిన సమస్య నిజంగా కఠినమన్నది ఇంకా నమ్మకమే. పైగా వాడుకలోని పద్ధతులు వేగం కోసం జాలకంలో ఒక క్రమమైన అల్లికను ప్రవేశపెడతాయి, సంఖ్యలను చిన్నవిగా ఉంచుతాయి. ఆ సంఖ్యలకు ఆ నిరూపణ నేరుగా భద్రత కొలత ఇవ్వదు. ఆ కొలత తెలిసిన దాడుల వేగం మీద వేసిన అంచనాయే.

ప్రామాణికాలు, పరీక్షలు

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో కొత్త పద్ధతుల కోసం బహిరంగ పోటీ ప్రకటించింది. మొదటి విడతకు అంగీకరించిన 69 ప్రతిపాదనలను ఏళ్ల తరబడి ప్రపంచ పరిశోధకులు చీల్చి చెండాడారు. ఎంత తీవ్రంగానంటే, సైక్ అనే పద్ధతి నాలుగవ విడత వరకు నెగ్గుకొచ్చి, 2022 జులైలో బెల్జియంకు చెందిన వౌటర్ కాస్ట్రిక్, తోమా దెక్రు చేతిలో ఒకే ప్రాసెసర్ కోర్ మీద సుమారు గంటలో విడిపోయింది. దానికి క్వాంటమ్ యంత్రం అవసరమే రాలేదు. సైక్ జాలక పద్ధతి కాదు. దాని గణితం వేరు. కొత్త గణితానికి కాలపరీక్ష ఎంత కావాలో మాత్రం అది చూపింది.

2024 ఆగస్టు 13న నిస్ట్ మూడు ప్రామాణికాలను వెలువరించింది. వాటిలో ఫిప్స్ 203, తాళంచెవి పంపకానికి ఉద్దేశించిన ఎంఎల్-కెమ్ అనే జాలక పద్ధతి. ఫిప్స్ 204 సంతకాలకు ఎంఎల్-డీఎస్‌ఏ అనే జాలక పద్ధతి. మూడవదైన ఫిప్స్ 205ను, జాలకాల మీదనే మొత్తం భారం వేయకుండా, వేరే గణితంతో కూర్చిన సంతకానికి కేటాయించడం వివేకవంతమైన నిర్ణయం. ఎంఎల్-కెమ్ మధ్యస్థాయిలో 17కు బదులు 3329తో భాగించిన శేషాలు ఉంటాయి. రెండు అవ్యక్తాలకు బదులు 768. రహస్యాలూ దోషాలూ −2 నుండి 2 లోపల ఉండే చిన్న సంఖ్యలు. పైన చూసిన ఉదాహరణకూ దీనికీ ఆలోచనలో పోలిక ఉన్నది, కొలతలో, అల్లికలో భేదమున్నది.

ఈ ప్రామాణికాలు వెలువడడానికి నాలుగు నెలల ముందు ఒక కలవరం రేగింది. 2024 ఏప్రిల్ 10న చైనాలోని ఛింగ్‌హ్వా విశ్వవిద్యాలయానికి చెందిన యిలే చెన్, రెగెవ్ సమస్యకు కొన్ని పరిమితులలో వేగవంతమైన క్వాంటమ్ పద్ధతి కనుగొన్నానని ఒక పరిశోధనపత్రం ప్రకటించాడు. ఎంఎల్-కెమ్ కొలతలు ఆ పరిమితుల వెలుపలే ఉన్నా, నిపుణులు తేలికగా తీసుకోలేదు; వారమంతా దానిని అక్షరం అక్షరం పరిశీలించారు. ఏప్రిల్ 18 నాటికి హాంగ్‌షున్ వూ, తోమా విడిక్ ఎవరికి వారుగా తొమ్మిదవ మెట్టులో ఒక లోపాన్ని కనిపెట్టారు. చెన్ దానిని సవరించలేనని అంగీకరించి పత్రం మీదనే రాసిపెట్టాడు. ఆ ఎనిమిది రోజులూ లోకంలోని కొత్త తాళాల భవిష్యత్తు ఒక నిరూపణలోని ఒక మెట్టు మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఇటువంటి అనుభవాల నుండి పుట్టినదే నేటి జోడుతాళం పద్ధతి. 2024 నుండి క్రోమ్ వంటి బ్రౌజర్లు పాత దీర్ఘవృత్త వక్ర పద్ధతినీ కొత్త జాలక పద్ధతినీ కలిపి వాడుతున్నాయి. సాంకేతిక వివరాలలో X25519MLKEM768 అని కనబడేది ఈ జోడింపే. రెండింటిలో ఒకటి నిలిచినా రహస్యం నిలుస్తుంది. దీని మూల్యం బరువు: పాత పద్ధతి తాళంచెవి 32 బైట్లైతే, జాలక తాళంచెవి 1,184 బైట్లు. దానిని మోసే తొలి పలకరింపు సందేశం ఇంటర్నెట్‌లోని ఒక్క పొట్లంలో, అంటే సుమారు 1,500 బైట్లలో, ఇమడక రెండుగా విడిపోవడం మొదలైంది. పలకరింపు ఎల్లప్పుడూ ఒకే పొట్లంలో వస్తుందని భావించి తయారుచేసిన కొన్ని పాత నెట్‌వర్క్ పరికరాలు ఆ సంధానాలను తెంచివేశాయి. గణితంలో లోపమేమీ లేదు. తలుపు కొలత పాతది, గడప దాటవలసిన సామాను కొత్తది.

సంతకాల విషయంలో ఈ బరువు ఇంకా ఎక్కువ. ఆర్‌ఎస్‌ఏ 2048 సంతకం 256 బైట్లు. ఎంఎల్-డీఎస్‌ఏ మధ్యస్థాయి సంతకం 3,309 బైట్లు. ఒక వెబ్‌సైట్‌ను నమ్మడానికి బ్రౌజర్ ఒకే సంతకాన్ని కాక, ఒకదానినొకటి ధ్రువీకరించే అనేక సంతకాలను సరిచూడాలి. నిస్ట్ 2024 నవంబరులో ప్రకటించిన ముసాయిదా ఆర్‌ఎస్‌ఏ 2048ను 2030 తరువాత నిరుత్సాహపరచాలనీ, 2035 తరువాత నిషేధించాలనీ సూచిస్తున్నది. తాళంచెవి పంపకం ఆ గడువుకు ముందే చాలావరకు మారిపోయేట్లుంది. ధ్రువపత్రాలలోని సంతకాలు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ఆర్‌ఎస్‌ఏ, దీర్ఘవృత్త వక్రాల మీదనే నడుస్తున్నాయి.